గూగుల్‌లో కనిపించే డాలర్ రేటు బ్యాంకులో ఎందుకు దొరకదు? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ వైపు నుంచి పిల్లల్ని అమెరికా చదువులకు పంపుతున్న తల్లిదండ్రుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాను. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ నుంచి డబ్బు అందుకునే ఇళ్లవాళ్లకు కూడా ఒక ప్రశ్న ఉంది. లెక్క సులువుగా ఉండాలని స్క్రీన్ మీద డాలర్ సరిగ్గా 90 రూపాయలు ఉందని అనుకుందాం. బ్యాంకు రేట్లు, ఛార్జీలు కూడా ఉదాహరణకు వేసుకున్నవే. మీరు వెళ్లిన రోజు రేటు వేరుగా ఉంటుంది కానీ లెక్క కట్టే పద్ధతి ఇదే. పన్నుల శాతాలు, పరిమితులు మాత్రం అసలైనవి.

గూగుల్‌లో డాలర్ 90 అని ఉంది. బ్యాంకులో 91.10 అంటున్నారు. మమ్మల్ని మోసం చేస్తున్నారా?

"ఫోన్ల తొంభై చూపిస్తుంది కద సార్, మీరేంది తొంభై ఒకటి పది అంటరు?" ఫారెక్స్ కౌంటర్ దగ్గర రోజూ వినపడే మాట ఇది. అడిగేవాళ్ల కోపం న్యాయమైనదే. పది వేల డాలర్లకు ఈ తేడా పదకొండు వేల రూపాయలు అవుతుంది మరి.

అయితే ఆ రెండు రేట్లూ నిజమే. పెద్ద బ్యాంకులు తమలో తాము డాలర్లు కొని అమ్ముకునే మార్కెట్ ఒకటి ఉంది. అక్కడ ఏ క్షణంలోనైనా రెండు ధరలు నడుస్తుంటాయి. ఒకటి కొనేవాడు ఇస్తానన్న ధర, ఇంకొకటి అమ్మేవాడు అడిగే ధర. కొనే ధర 89.995, అమ్మే ధర 90.005 ఉందనుకోండి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన ఉండే 90.00ని గూగుల్ చూపిస్తుంది. దీన్నే మధ్య రేటు అంటారు. మార్కెట్ ఎక్కడుందో తెలియడానికి అది మంచి గుర్తు. కానీ దాని వెనక మీకు డాలర్లు అమ్మే మనిషెవరూ లేరు. కొనుగోళ్ల కోసం దాన్ని నమ్ముకోవద్దని ఆ సమాచారం ఇచ్చేవాళ్లే షరతుల్లో రాసుకుంటారు.

ఎనుమాముల మార్కెట్ యార్డులో ఈ రోజు మిర్చి క్వింటాల్ ధర ఎంత పలికిందో పేపర్లో చూసి, అదే లెక్కన పావుకిలో ఇవ్వమని కిరాణా షాపులో అడగలేం కదా. గూగుల్ రేటూ అలా టోకు ధరే. అంతకన్నా ఒక మెట్టు దూరం కూడా, ఎందుకంటే అది టోకులో కొన్న ధరా కాదు, అమ్మిన ధరా కాదు.

అయితే ఆ టోకు ధరకు డాలర్లు ఎవరికి దొరుకుతాయి?

బ్యాంకులకు, పెద్ద ఎగుమతి దిగుమతి కంపెనీలకు దాదాపు అదే ధర దొరుకుతుంది. బ్యాంకుల మధ్య బేరం మామూలుగా పది లక్షల డాలర్ల లెక్కన జరుగుతుంది, తేడా పైసల్లోనే ఉంటుంది. మీరు కొనేది పది వేల డాలర్లు. ఆ మొత్తానికి కూడా ఫారం నింపాలి, పాన్ చూడాలి, కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం చూడాలి, ఎందుకు పంపుతున్నారో రిజర్వ్ బ్యాంకు లెక్కల కోసం కోడ్ వేయాలి. పని అంతే ఉంటుంది, మొత్తం మాత్రం చిన్నది. కాబట్టి డాలర్‌కి పడే ఖర్చు పెరుగుతుంది.

బ్యాంకు రేట్ల షీట్‌లో ఒక్క డాలర్‌కే ఏడెనిమిది రేట్లు ఉన్నాయి. నాకు వర్తించేది ఏది?

ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. షీట్ మీద ఉన్న BUY, SELL రెండూ బ్యాంకు వైపు నుంచి రాసినవి. SELL అంటే బ్యాంకు మీకు డాలర్లు అమ్మే రేటు. BUY అంటే మీ దగ్గర బ్యాంకు కొనే రేటు. దీన్ని తలకిందులుగా చదివి "తక్కువ రేటు ఉందిగా, అదే వెయ్యండి" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు.

TT అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపడం. విదేశంలోని ఖాతాకు డబ్బు పంపుతుంటే చూడాల్సింది TT SELL. యూనివర్సిటీ ఫీజు, అక్కడి ఇంటి అద్దె, బాబు ఖాతాలోకి ఖర్చులకు పంపేది అన్నీ దీని కిందకే వస్తాయి. బయటి నుంచి మీ ఖాతాలోకి డాలర్లు వస్తే TT BUY. చేతికి నోట్లు కావాలంటే CN SELL, మిగిలిన నోట్లు తిరిగి ఇచ్చేటప్పుడు CN BUY. ట్రావెల్ కార్డులో డాలర్లు నింపుకోవడానికి వేరే కాలమ్ ఉంటుంది, దాని రేటు మామూలుగా టీటీకీ నోట్లకూ మధ్యలో ఉంటుంది. BILL అని ఉన్న రెండు కాలమ్‌లు వ్యాపారుల ఎగుమతి, దిగుమతి బిల్లులకు సంబంధించినవి. వాటితో మీకు పని లేదు.

90 మధ్య రేటు ఉన్న రోజున షీట్ సుమారుగా ఇలా ఉండొచ్చు: TT BUY 89.20, TT SELL 91.10, CN BUY 87.80, CN SELL 92.40. మధ్య రేటుకు దగ్గరగా టీటీ రేట్లు, దూరంగా నోట్ల రేట్లు ఉన్నాయని గమనించండి. ఏ బ్యాంకు షీట్ తీసుకున్నా ఈ వరుస దాదాపు ఇలాగే ఉంటుంది.

రూపాయి పది పైసలు ఎక్కువ పెట్టాల్సిన అవసరం బ్యాంకుకి ఏముంది?

దీనిలో కొంత ఖర్చు, కొంత జాగ్రత్త, మిగిలింది లాభం.

జాగ్రత్త గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అది బయటికి కనపడదు. బ్యాంకు పొద్దున మార్కెట్ తెరిచాక ఒక షీట్ తయారు చేసి అన్ని బ్రాంచీలకూ పంపుతుంది. దీన్నే కార్డు రేటు అంటారు. మార్కెట్ బాగా కదిలితే మధ్యలో మారుస్తారు కానీ, మామూలు రోజుల్లో సాయంత్రం దాకా అదే నడుస్తుంది. మధ్యాహ్నం డాలర్ ముప్పై పైసలు పెరిగినా పొద్దుటి రేటుకే మీకు అమ్మాలి. ఆ నష్టం తన మీద పడకుండా బ్యాంకు ముందే రేటులో కొంత అదనంగా వేసుకుంటుంది. రూపాయి బాగా ఊగిసలాడే వారాల్లో ఈ తేడా పెరగడం మీరే గమనించొచ్చు.

ఖర్చు అంటే, మన ఊరి బ్రాంచీ దగ్గర డాలర్లు ఉండవు. విదేశీ మారకం పని అన్ని బ్రాంచీల్లో జరగదు కూడా. పరకాలలోనో నర్సంపేటలోనో ఇచ్చిన ఫారం, ఆ పని చేసే బ్రాంచీకి వెళ్లి, అక్కడి నుంచి మార్కెట్లో డాలర్లు కొనే బ్యాంకు విభాగానికి, అంటే ట్రెజరీకి వెళ్తుంది. అమెరికాలో మన బ్యాంకుకు వేరే బ్యాంకులో డాలర్ ఖాతా ఉంటుంది, డబ్బు అందులోంచి కదులుతుంది. ఆ ఖాతాలో డాలర్లు ఎప్పుడూ నిలవ ఉంచాలి.

ఇక లాభం. నా అభిప్రాయం దాచుకోను: పది వేల డాలర్ల ఫీజుకు డాలర్ మీద రూపాయికి పైగా తీసుకోవడానికి పై ఖర్చులు సరిపోయే కారణం కాదు. అడగని వాళ్ల దగ్గర ఎక్కువ, అడిగిన వాళ్ల దగ్గర తక్కువ తీసుకునే వీలు ఈ పద్ధతిలో ఉంది. అందుకే అడగాలి. ఎలా అడగాలో కింద రాశాను.

మొత్తం ఎంత పడుతుందో ఒక ఉదాహరణ చెప్పండి.

హనుమకొండ నుంచి ఒక కుటుంబం అమెరికాలోని యూనివర్సిటీకి 10,000 డాలర్లు కట్టాలి. మూడు చోట్ల అడిగారు.

మొదటిది వాళ్ల ఖాతా ఉన్న బ్యాంకు. రేటు 91.10, పంపే ఛార్జీ 1,000 రూపాయలు. డాలర్లకు 9,11,000. ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ 180. మారకం మీద వేరే జీఎస్టీ 910. అన్నీ కలిపి 9,13,090 రూపాయలు.

రెండోది లైసెన్స్ ఉన్న ఒక ఫారెక్స్ కంపెనీ. రేటు 90.60, ఛార్జీ 1,500. డాలర్లకు 9,06,000, ఛార్జీ మీద జీఎస్టీ 270, మారకం మీద జీఎస్టీ 905. మొత్తం 9,08,675.

మూడోది "జీరో కమీషన్" అని బోర్డు పెట్టుకున్న చోటు. రేటు 91.60, ఛార్జీ సున్నా. డాలర్లకు 9,16,000, మారకం మీద జీఎస్టీ 914. మొత్తం 9,16,914.

ఛార్జీ మాత్రమే చూస్తే మూడోది చవక, రెండోది ఖరీదు. చేతి నుంచి పోయే రూపాయలు చూస్తే సరిగ్గా తలకిందులు. రెండోదానికీ మూడోదానికీ తేడా 8,239 రూపాయలు.

ఇప్పుడు మొదటి బ్యాంకు లెక్కనే ఇంకోసారి చూడండి. గూగుల్ రేటు ప్రకారం 9,00,000 కావాలి. అయింది 9,13,090. అదనంగా పోయిన 13,090లో 11,000 రేటులోనే ఉంది. ఛార్జీ, జీఎస్టీలు కలిపినా 2,090 మాత్రమే. రసీదు మీద వరుసగా కనపడేవి ఆ చిన్న మొత్తాలే. పెద్ద మొత్తం "ఎక్స్ఛేంజ్ రేటు" అన్న ఒక్క అంకెలో కలిసిపోయి ఉంటుంది. నాకు బాధ కలిగించే విషయం ఇదే. వంద రూపాయల ఛార్జీ తగ్గించమని అరగంట బతిమాలి, వేల రూపాయలున్న రేటు గురించి ఒక్క మాట అడగకుండా వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ.

పోల్చడానికి ఒక్కటే పద్ధతి. "పది వేల డాలర్లు పూర్తిగా అటు చేరాలి, నా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి?" అని ప్రతిచోటా అదే ప్రశ్న అడగండి, అదే రోజు, వీలైతే అదే గంటలో. వచ్చిన అంకెను 10,000తో భాగిస్తే మీకు పడిన అసలు రేటు తెలుస్తుంది. పై ఉదాహరణలో అది వరుసగా 91.31, 90.87, 91.69.

మారకం మీద జీఎస్టీ ఎలా లెక్క కట్టారు? 18 శాతం అంటే లక్షన్నర అవ్వాలి కదా?

మొత్తం మీద 18 శాతం కాదు, టెన్షన్ పడకండి. మారకం సేవకు ఇంత విలువ అని చట్టం ఒక చిన్న మొత్తాన్ని నిర్ణయించింది, దాని మీదే 18 శాతం. లక్ష రూపాయల దాకా మార్చుకుంటే ఆ విలువ ఒక శాతం, కనీసం 250 రూపాయలు. లక్ష నుంచి పది లక్షల దాకా అయితే 1,000 రూపాయలు, దానికి తోడు లక్ష దాటిన భాగం మీద అర శాతం. పది లక్షలు దాటితే 5,500 రూపాయలు, దాటిన భాగం మీద 0.1 శాతం. ఎంత పంపినా ఆ విలువ 60,000 మించదు.

మన 9,11,000కి చూద్దాం. మొదటి లక్షకు 1,000, మిగిలిన 8,11,000 మీద అర శాతం 4,055. మొత్తం 5,055. దాని మీద 18 శాతం సుమారు 910. ఈ లెక్క దేశంలో ఎక్కడైనా ఒకటే, బేరం ఉండదు. ఎవరైనా ఇంతకన్నా ఎక్కువ చూపిస్తే ఏ లెక్కన వేశారో అడగండి.

టీసీఎస్ అని కూడా పట్టుకున్నారు. అదీ రేటు తేడానేనా?

కాదు. అది ఆదాయపు పన్నుకు ముందస్తుగా పట్టుకునే మొత్తం. మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది లేదా తిరిగి వస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపే మొత్తం పది లక్షలు దాటితేనే, దాటిన భాగం మీద పడుతుంది. బ్యాంకు విద్యారుణం నుంచి కట్టే ఫీజుకు పడదు. శాతం బడ్జెట్లలో మారుతూ వస్తోంది కాబట్టి పంపే రోజున బ్యాంకులో అడిగి తెలుసుకోండి. రేట్లు పోల్చేటప్పుడు మాత్రం దీన్ని పక్కన పెట్టండి, ఎక్కడ పంపినా ఒకటే.

నోట్ల రూపంలో డాలర్లు తీసుకుంటే ఇంకా ఎక్కువ ఎందుకు?

టీటీ అంటే ఖాతాల్లో అంకెలు మారడమే. నోటు అలా కాదు. దాన్ని ఎవరో దేశంలోకి తేవాలి, బీమా చేయించాలి, హైదరాబాద్ నుంచి ఇక్కడికి చేర్చాలి, బీరువాలో పెట్టాలి. అమ్ముడుపోయేదాకా దానికి వడ్డీ రాదు. పైగా మన దగ్గర గిరాకీ ఒకే ఊపులో వస్తుంది. ఆగస్టులో, జనవరిలో క్లాసులు మొదలయ్యే ముందు పిల్లలంతా ఒక్కసారే నోట్లు అడుగుతారు. మిగతా నెలల్లో కౌంటర్ ఖాళీ. వరంగల్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం కూడా లేదు కాబట్టి, ప్రయాణికులు తెచ్చి అమ్మే నోట్లు ఇక్కడ తక్కువ. అమ్మడానికి సరుకు బయటి నుంచే రావాలి.

పై షీట్ ప్రకారం 1,000 డాలర్ల నోట్లకు 92,400, జీఎస్టీ 166, మొత్తం 92,566 రూపాయలు. అవే నోట్లు వీసా ఆలస్యమై మరునాడు తిరిగి ఇచ్చేస్తే 87.80 లెక్కన 87,800 వస్తాయి, అందులోనూ ఓ 158 జీఎస్టీకి పోతాయి. గూగుల్ రేటు కదలకపోయినా దాదాపు 4,900 రూపాయలు పోయాయి. కాబట్టి దారి ఖర్చులకు, మొదటి వారానికి సరిపోయేంత నోట్లు చాలు. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల కన్నా ఎక్కువ నోట్లు ఎలాగూ ఇవ్వరు. రూపాయలు నగదుగా ఇచ్చి కొనాలంటే 50,000 లోపే, అది దాటితే ఖాతా నుంచే కట్టాలి.

నోట్లు తిరిగి అమ్మేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కౌంటర్లో మనిషి నోటును వేళ్ల మధ్య రుద్ది, దీపం కింద పెట్టి, పెన్ను గీత గానీ సిరా ముద్ర గానీ ఉందేమోనని రెండు వైపులా చూస్తాడు. మడత దగ్గర చిరిగినా, పాత తరహా చిన్న బొమ్మ ఉన్న నోటైనా షీట్ రేటు కన్నా తగ్గిస్తాడు, లేదా అసలు తీసుకోనంటాడు. అతను దాన్ని పైవాడికి అమ్ముకోవాలి, పైవాడు వద్దంటే తన దగ్గరే ఉండిపోతుంది. ఒకటి, ఐదు డాలర్ల చిల్లర నోట్లదీ చాలాచోట్ల ఇదే పరిస్థితి. కొనేటప్పుడే మీరూ నోట్లను అలాగే చూసి తీసుకోండి.

ఆదివారం రాత్రి చూసిన రేటుకు సోమవారం ఎందుకు ఇవ్వరు?

మన దేశంలో బ్యాంకుల మధ్య డాలర్ మార్కెట్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా నడుస్తుంది. ఆ తర్వాత మీరు చూసేది బయటి దేశాల్లో రూపాయి మీద జరిగే బేరాల ఆధారంగా కదిలే అంకె. శని, ఆదివారాల్లో అయితే శుక్రవారం రాత్రి ఆగిపోయిన అంకె. సోమవారం పొద్దున మార్కెట్ వేరేచోట తెరుచుకోవచ్చు.

పని దినమైన శనివారాల్లో ఇది మరీ కనిపిస్తుంది. బ్రాంచీ తెరిచే ఉంటుంది, మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం ఏ ధర పలుకుతుందో తెలియకుండా అమ్మాలి కాబట్టి బ్యాంకు ఆ రోజు ఇంకొంచెం ఎక్కువే వేసుకుంటుంది, లేదా సోమవారం రమ్మంటుంది. ఫీజు గడువు ముంచుకు రాకపోతే పని దినం పదకొండు, పన్నెండు గంటల మధ్య వెళ్లండి. అప్పటికి షీట్ వచ్చి ఉంటుంది, ట్రెజరీతో మాట్లాడే సమయమూ ఉంటుంది.

గూగుల్ రేటే తప్పుగా ఉండే అవకాశం ఉందా?

అరుదుగా ఉంది. 2024 జనవరి 1న పోలండ్ కరెన్సీ జ్లోటీ ఒక్కసారిగా పడిపోయినట్టు గూగుల్ చూపించింది. సెలవు రోజు, మార్కెట్ మూసి ఉంది, నిజానికి అలాంటిదేమీ జరగలేదు. అదే ఏడాది మార్చిలో మలేషియా రింగిట్ విషయంలోనూ తప్పు అంకె వచ్చింది, అక్కడి కేంద్ర బ్యాంకు ప్రకటన చేయాల్సి వచ్చింది. బయటి నుంచి వచ్చే సమాచారంలో పొరపాటు జరిగితే స్క్రీన్ మీద అదే కనపడుతుంది. రూపాయికి సరిచూసుకోవాలంటే ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ పని దినాల్లో మధ్యాహ్నం ప్రకటించే రిఫరెన్స్ రేటు ఉంది. 2018 జూలై దాకా దీన్ని రిజర్వ్ బ్యాంకే ప్రకటించేది. అది కూడా మీకు అమ్మే రేటు కాదు, కానీ ఆ రోజు మన మార్కెట్లో నిజంగా జరిగిన బేరాల నుంచి తీసినది.

10,000 డాలర్లు పంపితే యూనివర్సిటీకి 9,975 చేరాయి. రేటు మోసమా?

రేటుకు దీనికి సంబంధం లేదు. మన బ్యాంకు నుంచి యూనివర్సిటీ బ్యాంకుకు నేరుగా దారి లేకపోతే డబ్బు మధ్యలో ఇంకో బ్యాంకు మీదుగా వెళ్తుంది. ఆ మధ్య బ్యాంకు తన ఛార్జీని వచ్చిన డాలర్లలోంచే తీసుకుంటుంది. పంపే ఫారంలో ఛార్జీలు ఎవరివో చెప్పే చోట SHA అని ఉంటే అవి అవతల కోతగా పడతాయి. OUR అని రాస్తే మన దగ్గరే ముందుగా కట్టించుకుని, పూర్తి మొత్తం చేరేలా చూస్తారు. ఫీజు విషయంలో ఎప్పుడూ OUR పెట్టమనండి. ఇరవై ఐదు డాలర్ల లోటుకే యూనివర్సిటీ ఆలస్య రుసుము వేసే అవకాశం ఉంది, ఆ ఇరవై ఐదు మళ్లీ పంపాలంటే ఇక్కడ ఛార్జీలన్నీ మళ్లీ మొదటి నుంచి.

విద్యారుణం అయితే రేటు గురించి పట్టించుకోవాలా?

తప్పకుండా. రుణం ఇచ్చే బ్యాంకు చాలాసార్లు తన రేటుకే డాలర్లుగా మార్చి పంపేస్తుంది. మీరు కౌంటర్ దగ్గర లేరు, రేటు వినలేదు, రుణం ఖాతాలో రూపాయలు పెరిగాయంతే. రూపాయి ఎక్కువైనా దాని మీద ఏళ్ల తరబడి వడ్డీ కడతారు. ప్రతి సెమిస్టర్ పంపే ముందు మేనేజర్ గారికి ఒక మెయిల్ రాయండి, రేటు చెప్పాకే పంపమని. పంపాక రేటు, ఛార్జీ, జీఎస్టీ విడివిడిగా ఉన్న డెబిట్ అడ్వైస్ తీసుకోండి.

గల్ఫ్ నుంచి డబ్బు వచ్చేటప్పుడు కూడా ఇదేనా?

సూత్రం ఒకటే, చూడాల్సింది వేరు. యూఏఈ దిర్హామ్ 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది. కాబట్టి డాలర్ 90 ఉంటే దిర్హామ్ మధ్య రేటు 24.50 చుట్టూ ఉంటుంది. సౌదీ రియాల్‌కు ఇదే లెక్క 3.75తో వేసుకోండి. 

దుబాయ్‌లోని ఎక్స్ఛేంజ్ హౌస్ 24.38 ఇచ్చి, 20 దిర్హామ్‌లు ఛార్జీ తీసుకుందనుకోండి. 2,000 దిర్హామ్‌లకు జగిత్యాలలో ఇంటికి 48,760 రూపాయలు వస్తాయి. మధ్య రేటు ప్రకారం రావాల్సింది సుమారు 49,010. ఇంట్లోవాళ్లకు 250 తేడానే కనపడుతుంది. అక్కడ కట్టిన 20 దిర్హామ్‌లు, అంటే ఇంకో 490 రూపాయలు, వాళ్లకు తెలియదు. ఛార్జీ ఎంత పంపినా దాదాపు ఒకటే ఉంటుంది కాబట్టి, నెలకు నాలుగుసార్లు 500 చొప్పున పంపడం కన్నా ఒకేసారి 2,000 పంపితే మూడు ఛార్జీలు మిగులుతాయి.

అవే దిర్హామ్‌లను నోట్లుగా సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి ఇక్కడ మార్చుకుంటే 23.40 చొప్పున 46,800 మాత్రమే రావచ్చు. గల్ఫ్ రేట్లు డాలర్‌తో పోలిస్తే బాగానే ఉంటాయి, ఎందుకంటే ఒక్క వీధిలో పదిమంది ఎక్స్ఛేంజ్‌ల వాళ్లు ఒకే గిరాకీ కోసం పోటీ పడతారు. ఇక్కడ నోట్ల దగ్గర ఆ పోటీ లేదు.

అక్కడికి వెళ్లాక మన కార్డు గీకితే గూగుల్ రేటు పడుతుందా?

వీసా, మాస్టర్‌కార్డ్ వేసే రేటు మధ్య రేటుకు దగ్గరగానే ఉంటుంది. కానీ దాని పైన మన బ్యాంకు మార్కప్ కలుపుతుంది. చాలా కార్డులకు ఇది 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీతో 4 శాతం దాటుతుంది. మిషన్ మీద "రూపాయల్లో కట్టండి" అని వస్తే వద్దనండి, ఆ దేశపు కరెన్సీయే ఎంచుకోండి. రూపాయల్లో చూపిస్తే అక్కడి దుకాణం వైపు వాళ్లు తమ రేటు వేసేసినట్టు.

బ్యాంకులో రేటు బేరం చేయొచ్చా?

చేయొచ్చు. "ఏమైనా తగ్గించండి సార్" అంటే మాత్రం ఏమీ కాదు. "కార్డు రేటు వద్దండి, ట్రెజరీ నుంచి రేటు తెప్పించండి, మార్కెట్ మీద ఎన్ని పైసలు మార్జిన్ వేస్తున్నారో చెప్పండి" అనండి. ఈ ఒక్క మాటతో మీకు లెక్క తెలుసని అవతలివాళ్లకు అర్థమవుతుంది. లక్షల్లో ఉన్న మొత్తానికి బ్రాంచీ ట్రెజరీకి ఫోన్ చేయడం కొత్తేమీ కాదు. మార్జిన్ 110 పైసల నుంచి 60కి దిగితే పది వేల డాలర్ల మీద 5,000 రూపాయలు మిగిలినట్టే. ఇంకోచోట ఇచ్చిన రేటును కాగితం మీద చూపిస్తే ఇంకా తేలిక. రేటు ఒప్పుకున్నాక వెంటనే బుక్ చేయించండి. సాయంత్రం వస్తానంటే ఆ రేటు ఉండదు.

2019 ఆగస్టులో మొదలైన ఎఫ్ఎక్స్-రిటైల్ అనే వేదిక కూడా ఉంది. క్లియరింగ్ కార్పొరేషన్ నడుపుతుంది. మీ బ్యాంకు ద్వారా అందులో నమోదైతే మార్కెట్ ధర మీకే స్క్రీన్ మీద కనిపిస్తుంది, బ్యాంకు తన మార్జిన్‌ను విడిగా ముందే చెప్పాలి. బ్రాంచీల్లో దీని గురించి తమంతట తామే చెప్పేవాళ్లు తక్కువ, కాబట్టి పేరు చెప్పి అడగండి. నమోదుకు కొన్ని రోజులు పట్టొచ్చు. ఫీజు గడువుకు ముందు రోజు మొదలుపెడితే ఉపయోగం లేదు.

తెలిసినవాళ్లు ఒకరు గూగుల్ రేటుకే డాలర్లు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. అమెరికాలో ఉన్న ఎవరి ఖాతా నుంచో మీ బాబు ఖాతాకు డాలర్లు వేయించి, ఇక్కడ మీ నుంచి రూపాయలు తీసుకునే పద్ధతి ఇది. పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది. 1999 నాటి ఫెమా చట్టం ప్రకారం ఇది ఉల్లంఘన. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండొచ్చు. అంతకన్నా ముందు వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. అటు మీ బాబు ఖాతాలో పడిన డాలర్లు దొంగ కార్డు నుంచో, మోసపోయిన ఇంకెవరి ఖాతా నుంచో వచ్చినవైతే, వారం తర్వాత ఆ డబ్బు వెనక్కి పోతుంది, ఖాతా స్తంభిస్తుంది. మీరిచ్చిన రూపాయలు మాత్రం వెనక్కి రావు. చదువుకోవడానికి వెళ్లిన పిల్లవాడు అక్కడి బ్యాంకుకు సంజాయిషీ చెప్పుకోవాలి.

పైగా ఫీజు మీరే కట్టినట్టు రుజువు ఉండదు. వీసా పొడిగింపుకో రుణానికో డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చూపించడానికి కాగితం లేదు.

దుకాణం పెట్టుకున్న మనీ ఛేంజర్ దగ్గరికి వెళ్లినా రిజర్వ్ బ్యాంకు లైసెన్స్ చూపించమనండి. లైసెన్స్ ఉన్నవాళ్ల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ రోజు రేట్ల బోర్డు బయటికి కనపడాలి, పాన్, పాస్‌పోర్ట్ అడగాలి, రేటూ జీఎస్టీ విడిగా రాసిన రసీదు ఇవ్వాలి. రసీదు అక్కర్లేదంటే యాభై పైసలు తగ్గిస్తామని అంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.